కోడిపిల్ల నంబరు 1: పాఠ్యప్రణాళిక పెద్దలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీలకు గణాంకశాస్త్రం పాఠ్యప్రణాళిక తయారుచేసే పెద్దలకు,



ముప్పై ఏళ్ల పైచిలుకు డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరై, కోరుకొండలో నరసింహస్వామి కొండ కనిపించే వీధిలో ఉంటున్నవాణ్ణి. రిటైరయ్యాక కూడా పిల్లలు రికార్డులు పట్టుకుని వస్తూనే ఉంటారు. అలా వచ్చిన ఒకమ్మాయి వల్లే ఈ ఉత్తరం రాస్తున్నాను. వాళ్ల నాన్నకు ఈ చుట్టుపక్కల ఒక బ్రాయిలర్ షెడ్డుంది. పిల్లల్ని దింపిన రోజు నుంచి వారానికోసారి కొన్నిటిని పట్టి తూకం వేసి, పెరుగుదల వక్రం గీసి, ప్రాజెక్టుగా పెడదామని ఆ అమ్మాయి ఆలోచన. తూకం ఎలా వేస్తారో చూశాను. కాటా మీద ప్లాస్టిక్ టబ్బు పెట్టి, దాని బరువు తీసేసి, పిల్లను అందులో కూర్చోబెడతారు. అది రెక్క కొట్టినప్పుడల్లా అంకె ఎగిరి పడుతుంది. ఎగరడం ఆగిన క్షణాన కనిపించింది రాసుకోవడమే. ఆ రాసిన అంకెలో నాలుగైదు గ్రాముల తేడా ఉన్నా ఎవరూ ఆశ్చర్యపోరు. ఈ నాలుగు గ్రాముల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

షెడ్డులో బ్యాచ్ ఇంకా సగంలో ఉంది కాబట్టి, ముందు ఎవరో కొలిచిపెట్టిన తూకాల మీద చెయ్యి తిప్పుకుందామని ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ChickWeight అనే పట్టిక తీసుకుంది. యాభై కోడిపిల్లల్ని నాలుగు రకాల దాణాతో పెంచి, రోజు విడిచి రోజు తూచిన లెక్క అది. అందులో నంబరు 1 పిల్ల బరువులు గ్రాముల్లో ఇవి: పుట్టిన రోజు 42, తర్వాత రెండేసి రోజులకు 51, 59, 64, 76, 93, 106, 125, 149, 171, ఇరవయ్యో రోజు 199, ఇరవై ఒకటో రోజు 205. కంప్యూటరున్న ఎవరైనా సరిచూసుకోవచ్చు కాబట్టి నేనూ ఈ పిల్లతోనే మాట్లాడతాను.

దీనికి లాజిస్టిక్ వక్రం పెట్టమని కంప్యూటర్‌ను అడిగింది. తెర మీద వచ్చింది ఇది: `singular gradient matrix at initial parameter estimates`. "సార్, డేటా తప్పా? నేను తప్పా?" అని అడిగింది. మూడేళ్ల పాఠ్యప్రణాళికలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. నా ఫిర్యాదు అదొక్కటే.

మనం ప్రాక్టికల్స్‌లో చేయించే కర్వ్ ఫిట్టింగ్ ఏమిటి? సరళరేఖ, పరావలయం, ఆ తర్వాత y = ab^x, y = ax^b. చివరి రెండింటికీ లాగ్ తీస్తే సరళరేఖలైపోతాయి, రెండు నార్మల్ సమీకరణాలు రాసి సాధిస్తే లెక్క పూర్తి. లాజిస్టిక్ అలా లొంగదు. దాన్ని ఇలా రాద్దాం:

```
y = A / (1 + exp((m - t)/s))
```

A అంటే బరువు చివరికి చేరుకునే హద్దు. m అంటే ఆ హద్దులో సగానికి చేరే రోజు, పెరుగుదల అన్నిటికంటే జోరుగా ఉండే రోజు కూడా అదే. s అంటే ఆ పెరుగుదల ఎన్ని రోజుల మీద పరుచుకుందో చెప్పే కొలత. కొలిచిన బరువుకూ వక్రం చెప్పే బరువుకూ ఉన్న తేడాల వర్గాలన్నీ కూడి, ఆ మొత్తం అతి తక్కువయ్యే A, m, s పట్టుకోవాలి. సూత్రం సరళరేఖకు చెప్పినదే. మారిందల్లా ఒకటే. నార్మల్ సమీకరణాలు రాస్తే అందులో A, m, s ఒకదానిలో ఒకటి ఇరుక్కుపోయి, ఎటు లాగినా విడిపోవు. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టి, అడుగడుగునా సరిదిద్దుకుంటూ పోవాల్సిందే. ఆ "ఎక్కడో" దగ్గరే పిల్లలు బోల్తా పడతారు.

ఇక్కడ ఒక అడ్డదారి ఉంది, మన పుస్తకాలకు బాగా ఇష్టమైనది. బరువును తిరగేసి 1/y తీసుకుంటే లాజిస్టిక్ కాస్తా a + b·q^t అవుతుంది, సులువుగా కనిపిస్తుంది. కానీ తిరగేస్తే తప్పులు కూడా తిరగబడతాయి. 42 గ్రాముల దగ్గర ఒక గ్రాము తేడా 1/y లో ఎంత కదలిక తెస్తుందో, 199 గ్రాముల దగ్గర అదే ఒక గ్రాము అందులో ఇరవై రెండో వంతు తెస్తుంది. అంటే పుట్టిన రోజు తూకానికి పెద్దపీట వేసి, పెరిగిన కోడి తూకాన్ని గుమ్మం బయట నిలబెట్టినట్టే. అడ్డదారి గమ్యానికి చేర్చదు. కానీ గమ్యం దాకా పోయే అసలు దారికి మొదటి మలుపు చూపిస్తుంది. నా ఉత్తరంలోని అసలు మాట ఇదే. పాతబడిందని కొందరు కొట్టిపారేసే "ఎన్నుకున్న మూడు బిందువుల పద్ధతి"ని పారేయకండి. దాన్ని జవాబుగా కాక, ప్రారంభ విలువలు తెచ్చే పనిముట్టుగా చెప్పించండి.

చేసి చూపిస్తాను. సమాన దూరంలో మూడు రోజులు తీసుకుందాం: 0, 10, 20. బరువులు 42, 93, 199. తిరగేస్తే 0.02381, 0.01075, 0.00503. మొదటి తేడా 0.01306, రెండో తేడా 0.00573. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 0.4387, ఇది పది రోజుల నిష్పత్తి. దాని లాగ్ నుంచి s సుమారు 12.1 రోజులు. మొదటి తేడాను (1 − 0.4387)తో భాగించి 0.02381 నుంచి తీసేస్తే మిగిలేది 1/A. అది 0.00055. కాబట్టి A సుమారు 1,821 గ్రాములు, m సుమారు 45వ రోజు. కాల్‌క్యులేటర్‌తో ఐదు నిమిషాల పని.

ఇప్పుడు ఇరవయ్యో రోజు పిల్ల రెక్క కొట్టిందనుకోండి. 199 బదులు 195 రాసుకున్నాం. నాలుగే గ్రాములు. మళ్లీ అదే లెక్క చేస్తే A ఎంతో తెలుసా? 1,147. తూకంలో రెండు శాతం తేడా, హద్దులో ముప్పై ఏడు శాతం తేడా. ఇంకో అయిదు గ్రాములు తగ్గించి 190 అంటే 781. మూడు బిందువుల పద్ధతి మోసం చేస్తోందని దీన్ని చూసి అనిపిస్తుంది. పద్ధతి తప్పేం లేదు. ఈ పిల్ల తూకాలకు తన హద్దు గురించి తెలిసింది అంత తక్కువ. కంప్యూటర్ తర్వాత పది లైన్ల అవుట్‌పుట్‌లో చెప్పబోయేదాన్ని చేతి లెక్క ముందే చెప్పేసింది.

అదే మూడు తూకాలకు గాంపెర్ట్జ్ వక్రం పెట్టి చూసింది అమ్మాయి. అందులో తిరగేయడానికి బదులు లాగ్ తీస్తాం. లాగ్‌లు 3.738, 4.533, 5.293. తేడాలు 0.795, 0.761, నిష్పత్తి 0.957. ఒకటికి మరీ దగ్గర. హద్దు లాగ్ 22.2 వచ్చింది, అంటే సుమారు 438 కోట్ల గ్రాములు. నాలుగు వేల టన్నుల పైన తూగే కోడి! పక్కనే కూర్చున్న వాళ్ల నాన్న అది విని, "అయితే మేస్టారూ, ఆ ఒక్క కోడి చాలండి, షెడ్డెందుకు? కొండ పక్కన ఇంకో కొండలాగ కట్టేసుకుంటానండి" అన్నాడు. నవ్వుకున్నాం గానీ, ఆ అంకెలో ఒక సమాచారం ఉంది. లాగ్‌ల తేడా తగ్గకుండా దాదాపు సమానంగా ఉందంటే, ఈ పిల్ల ఇరవై రోజులూ దాదాపు చక్రవడ్డీ లెక్కనే పెరిగింది, జోరు తగ్గే సూచన పెద్దగా చూపించలేదు. జోరు తగ్గని వాడిని పట్టుకుని "నువ్వు ఎక్కడ ఆగుతావు?" అని అడిగితే చెప్పేదేముంది?

ప్రారంభ విలువలకు రెండో దారి కూడా ఉంది, నాకు ఇదే ఇష్టం, ఎందుకంటే ఇందులో కన్ను పనిచేస్తుంది. A ఎంతో ఊహించి, ప్రతి తూకానికీ ln(A/y − 1) లెక్కగట్టి, రోజుల మీద గీయండి. A సరైనదైతే గీత తిన్నగా దిగుతుంది. తప్పైతే వంగుతుంది, ఎటు వంగిందో చూసి ఎటు తప్పామో తెలుసుకోవచ్చు. పుస్తకాల్లో "అన్నిటికంటే పెద్ద తూకం కన్నా కొంచెం ఎక్కువ తీసుకో" అని ఉంటుంది. అలా 215 తీసుకున్నాం. మొదటి పది రోజుల్లో గీత రోజుకు 0.114 దిగింది, చివరి పదకొండు రోజుల్లో రోజుకు 0.299. మధ్యలో విరిగిన కొమ్మలాగా ఉంది. 500 తీసుకుంటే 0.091, 0.101, చాలావరకు సర్దుకుంది. 1,821 తీసుకుంటే 0.082, 0.078, ఈసారి వంపు రెండో వైపు. అంటే సరైనది ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంది. ఒక్క గ్రాఫు కాగితం మీద ఇంత తెలిసింది. "పెద్ద తూకం కన్నా కొంచెం ఎక్కువ" అనే సలహా కోడి పూర్తిగా పెరిగేదాకా తూచినప్పుడే పనికొస్తుంది. మన షెడ్లలో కోళ్లు ఆరు వారాలకల్లా లారీ ఎక్కేస్తాయి.

500 పెట్టినప్పటి గీత నుంచే m = 24.8, s = 10.4 తీసి కంప్యూటర్‌కు ఇచ్చాం:

```
Chick.1 <- ChickWeight[ChickWeight$Chick == 1, ]
fit <- nls(weight ~ A/(1 + exp((m - Time)/s)),
           data = Chick.1,
           start = list(A = 500, m = 24.8, s = 10.4))
summary(fit)
```

కుదిరింది. A = 937, m = 35.2, s = 11.4.

లోపల ఏం జరిగిందో పిల్లలకు చెప్పకపోతే ఇది మంత్రంలాగా మిగిలిపోతుంది. గౌస్-న్యూటన్ పద్ధతి చేసేది ఇంతే. మనం నిలబడ్డ A, m, s దగ్గర వక్రాన్ని తాత్కాలికంగా తిన్నని గీతగా భావిస్తుంది. A ఒక పిసరు కదిపితే ప్రతి తూకం దగ్గర వక్రం ఎంత కదులుతుంది, m కదిపితే ఎంత, s కదిపితే ఎంత అని మూడు వరసలు రాసుకుంటుంది. ఆ మూడు వరసలతో మిగిలిన తేడాలకు మామూలు కనిష్ఠ వర్గాల లెక్కే చేస్తుంది, మన పిల్లలకు వచ్చిన లెక్కే. వచ్చిన సవరణను కలుపుకుని, కొత్త చోట మళ్లీ అదే పని. సరళరేఖ పాఠం వచ్చినవాడికి ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది ఒక్క పూట పని.

చిక్కు ఎక్కడంటే, తిన్నని గీత అనుకున్నది కాస్త దూరం పోయాక తిన్నగా ఉండదు. A ఒక్కదాన్నే చూద్దాం, మిగతా రెండూ దానితోపాటు సర్దుకుంటాయనుకుందాం. తూకాలు నిజానికి గుర్తుపట్టేది 1/A ని. A ని పట్టుకుని అడుగు వేస్తే, స్థూలంగా కొత్త విలువ 2A − A²/937 అవుతుంది. 500 దగ్గర మొదలుపెడితే 733, తర్వాత 893, తర్వాత 935. కుదురుగా ఎక్కిపోతుంది. అదే మూడు బిందువులు ఇచ్చిన 1,821 దగ్గర మొదలుపెడితే? మొదటి అడుగే 103 దగ్గర పడేస్తుంది. 205 గ్రాములు తూగిన పిల్లకు 103 గ్రాముల హద్దు! ఇక 2,000 దగ్గర మొదలుపెడితే లెక్క రుణసంఖ్యలోకి పోతుంది. అందుకే నేను పిల్లలకు చెప్పేది, హద్దు విషయంలో అనుమానముంటే తక్కువ వైపు నుంచి ఎక్కండి, ఎక్కువ వైపు నుంచి దూకకండి అని.

దూకినా కాపాడే ఏర్పాటు ఒకటుంది. అడుగు వేశాక తేడాల వర్గాల మొత్తం తగ్గకుండా పెరిగితే, ఆ అడుగును సగం చేయాలి. తగ్గకపోతే మళ్లీ సగం. 1,821 నుంచి 103కి పోయే అడుగులో సగం వేస్తే ఎక్కడుంటాం? 962, గమ్యం గుమ్మం ముందు. ఆర్‌లో nls ఈ సగాలు చేస్తూ పోతుంది. 1/1024 కన్నా చిన్న అడుగు కావాల్సివస్తే మాత్రం `step factor 0.000488281 reduced below 'minFactor' of 0.000976562` అని చేతులెత్తేస్తుంది. ఆ సందేశానికి అర్థం, "నువ్వు చూపించిన దిక్కులో ఎంత చిన్న అడుగేసినా పల్లం దొరకలేదు" అని. దానికి మందు minFactor తగ్గించడం కాదు, నిలబడ్డ చోటు మార్చడం.

లెవెన్‌బర్గ్ 1944లో, మార్క్వర్ట్ 1963లో చెప్పిన మార్గం ఇంకొంచెం నెమ్మదస్తుడిది. గీత మీద నమ్మకం తక్కువగా ఉన్నప్పుడు అడుగును చిన్నదిగా చేయడమే కాక, నేరుగా పల్లం వైపు తిప్పుతుంది కూడా. నమ్మకం కుదిరాక గౌస్-న్యూటన్ లాగే పరిగెడుతుంది. మంచి పద్ధతే, నేనూ వాడతాను. కానీ పాఠంలో ముందు దీన్ని పెట్టకండి. ఇది ఎక్కడ మొదలుపెట్టినా చాలాసార్లు ఏదో ఒక జవాబు చేతిలో పెడుతుంది. అడ్డగోలు ప్రారంభ విలువ ఇచ్చిన పిల్లవాడికి తిట్టు తగలాలి, బుజ్జగింపు కాదు.

ఇప్పుడు అమ్మాయి చూసిన మొదటి సందేశానికి వద్దాం. తను ఇచ్చిన ప్రారంభ విలువల్లో m 35, s 0.1. s ని "పెరుగుదల రేటు" అనుకుని, రేటంటే చిన్నదిగా ఉండాలి కదా అని 0.1 వేసింది. ఇలా వేసినవాళ్లను చాలామందిని చూశాను. s అనేది రోజుల్లో కొలిచేది, రేటు దానికి తలకిందులు. s 0.1 అంటే కోడి 34వ రోజు దాకా సున్నా దగ్గర కూర్చుని, 35వ రోజు ఒక్కసారిగా పూర్తి బరువుకు ఎగురుతుందని చెప్పినట్టు. మన తూకాలు 21వ రోజుతో ఆగిపోయాయి. అక్కడిదాకా వక్రం నేలకు అంటుకునే ఉంది. అక్కడ A ని రెట్టింపు చేసినా, m ని పిసరు ముందుకు జరిపినా వక్రంలో వచ్చే మార్పు ఒకే ఆకారంలో ఉంటుంది. రెండు వరసలూ ఒకదానికొకటి నకలు. నకలు వరసలతో నార్మల్ సమీకరణాలు రాస్తే వాటికి ఒకే జవాబు ఉండదని మన పిల్లలకు మొదటి సంవత్సరంలోనే తెలుసు. ఆ ఇంగ్లీషు సందేశం చెప్పింది సరిగ్గా అదే. "డేటా తప్పా, నేను తప్పా?" అన్నదానికి జవాబు, ఈసారికి నువ్వే తప్పమ్మా.

అయితే అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది. s సరిచేశాక కంప్యూటర్ అలగలేదు, 937 ఇచ్చింది. అమ్మాయి ముఖం వెలిగింది. కింది లైను చదవమన్నాను. A కి ప్రామాణిక దోషం 466. రెండు దోషాల దూరం అటూ ఇటూ వేస్తే 5 గ్రాముల నుంచి 1,869 గ్రాముల దాకా. ఇరవై ఒకటో రోజుకే 205 గ్రాములున్న పిల్ల పెద్దయ్యాక 5 గ్రాములు తూగడం కూడా ఈ వ్యవధిలో ఒక అవకాశమేనట!

ఇందాకటి జబ్బే ఇది, ఈసారి తీవ్రత తక్కువ. వక్రం హద్దుకు చాలా కింద ఉన్నంతకాలం లాజిస్టిక్ సూత్రంలో కింది ఒకటి లెక్కలోకి రాదు. మిగిలేది A·exp((t − m)/s), అంటే ఉత్త చక్రవడ్డీ. అందులో A పెంచి m ని తర్వాతి రోజులకు జరిపితే అదే వక్రం. 21వ రోజుకు మన పిల్ల 937లో ఐదో వంతు దాటి కొంచెమే పైకి వచ్చింది. m 35వ రోజు, తూకాలు ఆగింది 21వ రోజు. సగం ఎక్కడుందో చూడకుండానే మొత్తం ఎంతో చెప్పమన్నాం. కంప్యూటర్ చెప్పింది, ఎందుకంటే ఆ చివరి తూకాల దగ్గర వంపు ఒక పిసరు కనిపించింది. ఆ పిసరు మీదే 937 అనే అంకె వేలాడుతోంది.

చేతి లెక్క వక్రాన్నీ (A 1,821), కంప్యూటర్ వక్రాన్నీ (A 937) పక్కపక్కన పెట్టి చూడండి. పద్నాలుగో రోజు ఒకటి 127 గ్రాములంటుంది, ఇంకొకటి 126. ఇరవై ఒకటో రోజు 214, 209. తూకాల పరిధిలో ఎవరు ఎవరో పోల్చుకోలేం. నలభై రెండో రోజుకు పొడిగిస్తే ఒకటి 781 అంటుంది, ఇంకొకటి 604. దాణా లెక్క వేసుకునే రైతుకు ఈ రెండింటికీ మధ్య ఎంత తేడా ఉందో చెప్పనక్కర్లేదు.

ఇది ఒక కోడిపిల్ల ముచ్చట కాదు. 1920లో రేమండ్ పెర్ల్, లోవెల్ రీడ్ అనే ఇద్దరు అమెరికా జనాభాకు ఇదే లాజిస్టిక్ వక్రం పెట్టారు, 1790 నుంచి 1910 దాకా ఉన్న జనగణనలతో. హద్దు 19 కోట్ల 73 లక్షలకు కాస్త తక్కువని లెక్క తేల్చారు. సగానికి చేరే ఏడు 1914 అని వచ్చింది. తూకాలు 1910తో ఆగాయి, సగం 1914లో ఉంది. మన పిల్ల జాతకమే. వక్రం కొన్ని దశాబ్దాలు భేషుగ్గా నడిచింది. 1970 జనగణనలో అమెరికా జనాభా 20 కోట్లు దాటేసింది, ఆగనూ లేదు. మన డెమోగ్రఫీ పాఠంలో వాళ్ల పేర్లున్నాయి, ఈ సంగతి లేదు.

మరి ఏం చేయాలి? ఉత్తమమైన మందు లెక్కలో లేదు, షెడ్డులో ఉంది. రెండు మూడు పిల్లల్నైనా అమ్మకుండా పెంచి, m దాటేదాకా తూచాలి. అమ్మాయి వాళ్ల నాన్నను ఒప్పించింది, "మూడంటే మూడేనండి" అన్నాడాయన.

అది కుదరనప్పుడు తూకాలకు తెలిసిన ప్రశ్నే అడగాలి. A, m, s బదులు ఇదే వక్రాన్ని మూడు ఎత్తులతో రాయవచ్చు: వక్రం 0వ రోజు చెప్పే బరువు, 10వ రోజు చెప్పేది, 20వ రోజు చెప్పేది. మూడు ఎత్తులు తెలిస్తే లాజిస్టిక్ ఒక్కటే ఉంటుంది, ఇందాక చేతితో చేసిన లెక్కే అందుకు సాక్ష్యం. రాట్కోవ్‌స్కీ 1983లో అచ్చయిన తన పుస్తకంలో ఇలాంటి పరామితుల్ని గట్టిగా సిఫారసు చేశాడు. నంబరు 1 పిల్లకు ఈ ఎత్తులు సుమారు 40.8, 92.5, 195.2 వస్తాయి, ఒక్కోదానికి దోషం రెండు గ్రాముల లోపే ఉంటుంది. ప్రారంభ విలువలకు వెతుకులాటే లేదు, కొలిచిన 42, 93, 199 ఇచ్చేయండి. వక్రం మారలేదు, తేడాల వర్గాల మొత్తం మారలేదు, మనం అడిగిన ప్రశ్న మారింది. అడుగులు తూలవు. కావాలనుకుంటే ఆ ఎత్తుల నుంచి A లెక్కగట్టుకోవచ్చు, అది ఎంత ఊగుతుందో కూడా చూసుకోవచ్చు. మూడు బిందువుల పద్ధతిని పారేయవద్దని ఎందుకు బతిమాలుతున్నానో ఇప్పుడు తెలిసే ఉంటుంది. అది లోపలికి ముందు తలుపు నుంచి పోయి, చివరికి అసలు లెక్కలోనే కూర్చుంది.

ఇంకో చిన్న సౌకర్యం కూడా చెప్పించండి. A, m, s రూపమే వాడాల్సివస్తే, అందులో A ఒక్కటీ గుణకంగా బయట నిలబడి ఉంది. m, s విలువలు ఎంచుకున్నాక A మామూలు భాగహారంతో వచ్చేస్తుంది. అంటే వెతకాల్సింది మూడు దిక్కుల్లో కాదు, రెండు దిక్కుల్లోనే. గొలబ్, పెరేరా 1973లో దీన్ని పద్ధతిగా మలిచారు. ఆర్‌లో సూత్రంలో A బదులు 1 పెట్టి, start నుంచి A తీసేసి, `algorithm = "plinear"` అని రాస్తే చాలు.

వక్రాల పోలికకు మన తెలుగువాడు ఒకాయన వేసిన దారి మరొకటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్లిన సి.ఆర్. రావు గారు 1958లో బయోమెట్రిక్స్ పత్రికలో పెరుగుదల వక్రాల పోలిక మీద ఒక వ్యాసం రాశారు. బరువును వంచడం, తిరగేయడం కాకుండా కాలాన్నే సాగదీసి కుదించారు. గుంపు మొత్తం సగటున ఎక్కువ పెరిగిన రోజుల్ని పొడుగు చేసి, తక్కువ పెరిగినవాటిని పొట్టి చేస్తే, ఆ కొత్త కాలం మీద ఒక్కో జంతువు పెరుగుదల దాదాపు సరళరేఖ అవుతుంది. అప్పుడు ఏ దాణా మెరుగో తేల్చడానికి వాలుల్ని పోల్చితే చాలు, హద్దు ఎక్కడో తెలియనక్కర్లేదు. రైతుకు నిజంగా కావాల్సిన ప్రశ్న చాలాసార్లు ఇదే. క్రామెర్-రావు అసమానతతో రావు గారి పేరు మన పాఠాల్లో ఉంది గానీ, ఈ వ్యాసం ఎక్కడా లేదు.

ఇక నా అభ్యర్థన. థియరీ పేపరు పెంచమని అడగడం లేదు. మూడో సంవత్సరం ప్రాక్టికల్ రికార్డులో ఒక్క అభ్యాసం చేర్చండి. నంబరు 1 పిల్ల పన్నెండు తూకాలూ ఇచ్చి, మూడు బిందువులతో ప్రారంభ విలువలు తీయమనండి. ln(A/y − 1) గీతను మూడు A విలువలకు గ్రాఫు మీద గీయమనండి. ఒక్క గౌస్-న్యూటన్ అడుగు చేత్తో వేయించండి, మిగతావి కంప్యూటర్ వేస్తుంది. మార్కుల విషయంలో మాత్రం నా మాట వినండి. 937 రాసినవాడికి పదిహేనులో ఐదు ఇవ్వండి. ఆ 937ని ఎందుకు నమ్మకూడదో, ఈ తూకాల నుంచి నమ్మదగింది ఏమిటో రాసినవాడికి మిగతా పది.

అమ్మాయి వాళ్ల మూడు కోళ్లూ నిన్నటికి యాభై రెండో రోజులో ఉన్నాయి. ఇంకా తూస్తోంది.

ఇట్లు,
ఒక విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు,
కోరుకొండ